మిక్సీ కంపెనీకి ఎంత చెప్పాలి?

సుజాతా,

నువ్వు పంపిన మెయిల్ రెండుసార్లు చదివాను. నీ వంట వీడియోలో 60 సెకన్లు వాళ్ల మిక్సీ గురించి చెప్పాలి, 35 వేలు ఇస్తామన్నారు. నువ్వు ఆ అంకె దగ్గరే ఆగిపోయావు. నాకు మాత్రం దాని కింది రెండు వాక్యాలే గుచ్చుకున్నాయి: వీడియోను 'అన్ని మాధ్యమాల్లో, శాశ్వతంగా' వాడుకుంటారట, ఆరు నెలలు నువ్వు వేరే 'వంటింటి ఉపకరణాలు' ప్రమోట్ చేయకూడదట. వాళ్లు అడుగుతున్నవి మూడు వస్తువులు, డబ్బు ఇస్తామంటున్నది ఒక్కదానికే. వేటికవి విడదీసి లెక్క కడదాం.

ముందు వ్యూస్. మీ ఆవకాయ వీడియోకి నాలుగు లక్షలు వచ్చాయని అది చూపించకు. అలాంటిది మళ్లీ వస్తుందని నువ్వూ హామీ ఇవ్వలేవు. చివరి పదకొండు పెద్ద వీడియోలు తీసుకుని, ఒక్కోదానికి మొదటి 30 రోజుల్లో ఎన్ని వచ్చాయో రాసి, చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పెట్టు. మధ్యలో నిలిచే అంకే నీ అసలు బలం. షార్ట్స్ ఇందులో కలపకు. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ల ప్రకారం ఆ మధ్య అంకె 36 వేలు. సగటు తీస్తే ఆవకాయ పుణ్యమా అని దాదాపు రెట్టింపు కనిపిస్తుంది. అది చూపించి డబ్బు తీసుకున్నావో, వీడియో 30 వేల దగ్గర ఆగగానే వాళ్లు మొహం చాటేస్తారు.

ఇంకోటి చూడు. నీ ప్రేక్షకుల్లో ఆరో వంతు అమెరికాలో ఉన్నారు. మన 230 వోల్టుల మిక్సీ అక్కడి 120 వోల్టులకు పనికిరాదు. ఈ కంపెనీకి ఆ ఆరు వేల వ్యూస్‌తో పని లేదు, కాబట్టి 30 వేలకే లెక్క కట్టు. ఆ సంగతి వాళ్లు అడగకముందే నువ్వే చెప్పు.

వెయ్యి వ్యూస్‌కి ఎంత అన్నది నీ ఛానెల్ దేని గురించో దాన్నిబట్టి ఉంటుంది. కాలక్షేపం వీడియోలకైతే నేను 300 దాటి అడగను. నీ కామెంట్లు చూడు: 'ఏ జార్‌లో రుబ్బారక్కా', 'గోంగూర పచ్చడికి ఎన్ని వాట్లది కావాలి' అని అడుగుతున్నారు. వాళ్లు కొనడానికి వచ్చినవాళ్లు. అందుకే 800 అడగమంటాను. 30 వేల వ్యూస్‌కి 24 వేలు. ఇది నీ వీడియోలో చోటు ఇచ్చినందుకు మాత్రమే.

ఇక వాడుక హక్కులు. నువ్వు పచ్చడి రుబ్బే ముక్కను కత్తిరించి వాళ్లు ఇన్‌స్టాగ్రామ్‌లో డబ్బు పెట్టి యాడ్‌గా తిప్పుతారు. యాడ్ ఫిల్మ్ తీయించే ఖర్చు వాళ్లకు మిగిలినట్టే. నేను నెలకు అసలు ధరలో నాలుగో వంతు తీసుకుంటాను. నీ లెక్కలో నెలకు 6 వేలు, మూడు నెలలకు 18 వేలు. శాశ్వతం అన్న మాటకు ఎంతిచ్చినా ఒప్పుకోకు. ఒకప్పుడు నేను చదవకుండా సంతకం పెట్టాను. రెండేళ్ల తర్వాత ఇంకో కంపెనీ అన్నీ మాట్లాడుకుని, చివర్లో 'మీరు ఇంకా వాళ్ల యాడ్‌లో వస్తున్నారు కదా మేడమ్' అని వెనక్కి తగ్గింది. ఆ రోజు, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో నడుస్తున్న యాడ్‌లను చూపించే మెటా యాడ్ లైబ్రరీలో ఆ మొదటి కంపెనీ పేరు కొట్టి చూస్తే నా మొహమే కనిపించింది. ఆపమనే హక్కు నాకు లేదు. అందుకే ఏ తేదీన మొదలై ఏ తేదీన ముగుస్తుందో, ఏ ప్లాట్‌ఫామ్‌లలోనో రాయించు. ముగిసిన మర్నాడు నువ్వూ అక్కడ వెతికి చూసుకో.

ఇక ఎక్స్‌క్లూజివిటీ, అంటే వేరేవాళ్లవి ప్రమోట్ చేయకూడదన్న షరతు. అందులో ముందు మాటను చిన్నది చేయించాలి. 'వంటింటి ఉపకరణాలు' అంటే కుక్కర్, స్టవ్, వెట్ గ్రైండర్, ఎయిర్ ఫ్రయ్యర్ అన్నీ పోయినట్టే. 'మిక్సర్ గ్రైండర్లు మాత్రమే, రెండు నెలలు' అని మార్పించు. ధర ఎలా అంటావా? ఆ రెండు నెలల్లో నువ్వు వదులుకోబోయేదే దాని ధర. నీకు మిక్సీ కంపెనీలు నాలుగు నెలలకోసారి అడుగుతున్నాయన్నావు. అంటే రెండు నెలల్లో సగం డీల్ పోయినట్టు, 12 వేలు.

మొత్తం 54 వేలు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే అది దీనిపైన అదనం.

వాళ్లు 'మా బడ్జెట్ అంతే' అంటారు. అప్పుడు వెయ్యికి 800 అన్నది తగ్గించకు, ఇచ్చే వస్తువు తగ్గించు. ఎక్స్‌క్లూజివిటీ తీసేసి, హక్కులు రెండు నెలలే ఇస్తే 36 వేలు. వాళ్లు చెప్పిన దానికి వెయ్యే తేడా. కానీ ఆరు నెలలు నీ చేతులు కట్టేసి ఉండవు, నీ మొహం శాశ్వతంగా వాళ్ల దగ్గర ఉండదు.

సగం అడ్వాన్స్ పడ్డాకే షూటింగ్ పెట్టుకో. రీషూట్ ఒక్కసారే అని కూడా నీ జవాబులోనే రాయి. రేపు పంపబోయే జవాబు ముందు నాకు పంపు, చూసి చెబుతాను.

మీ పిన్ని