నీళ్లు పోసే ముందు ఒక్కసారి ఇది చదువు

చిట్టీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో ఏదో మాట్లాడుతూ మధ్యలో చెప్పింది, శనివారం నువ్వు పన్నెండుమందిని ఇంటికి పిలిచావని, పిజ్జాలన్నీ నీ చేత్తోనే చేస్తున్నావని, ముద్ద కూడా నువ్వే కలుపుతావని. ఎంత మురిసిపోయానో. ఫోన్ పెట్టేసే ముందు మాత్రం ఇంకో మాట అంది: "నీళ్లు 75 శాతం పోస్తుందట, ఏదో వీడియోలో చూసిందట." అంతే, నా నిద్ర పోయింది.

ముందు ఒకటి అడుగుతాను. 75 శాతం అంటున్నావు కదా, దేనిలో 75 శాతం? ముద్ద మొత్తంలోనా? కాదు. బేకరీ లెక్కలో పిండి ఎప్పుడూ 100. నీళ్లు, ఉప్పు, ఈస్ట్ అన్నీ ఆ పిండితో పోల్చి చెప్పేవే. కిలో పిండికి 650 గ్రాముల నీళ్లు పోస్తే 65 శాతం హైడ్రేషన్. అన్నీ కూడితే 100 దాటుతుంది, దాటాలి కూడా. పిండి బరువును శాతంతో గుణించి వందతో భాగిస్తే నీళ్ల బరువు వస్తుంది. నూనె వేస్తే దాన్ని ఈ లెక్కలో కలపకు. అది ముద్దను మెత్తబరుస్తుంది కానీ నీళ్ల పని చేయదు.

నీ దగ్గర కాటా ఉందా? లేకపోతే ఈరోజే కొనుక్కో. కప్పులతో మాత్రం వద్దు. పిండిని చెంచాతో వదులుగా నింపితే కప్పు 120 గ్రాములు తూగుతుంది, డబ్బాలో ముంచి నొక్కి తీస్తే 150. మూడు కప్పుల పిండికి 270 గ్రాముల నీళ్లు పోశావనుకో, మొదటి రకంగా కొలిస్తే అది 75 శాతం, రెండో రకంగా కొలిస్తే 60. కప్పు అదే, చెయ్యి అదే, ముద్దలు మాత్రం రెండు! నీళ్లను కూడా తూకమే వెయ్యి. ఒక మిల్లీలీటరు ఒక గ్రాము, తేలిక.

ఇక నీ పిజ్జాలు. మనిషికొకటి అంటే పన్నెండు ఉండలు, ఒక్కోటి 250 గ్రాములు, మొత్తం మూడు కిలోల ముద్ద. అక్కడినుంచి వెనక్కి రావాలి. పిండి 100, నీళ్లు 65, ఉప్పు 2.5, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచే ముద్ద కాబట్టి పొడి ఈస్ట్ 0.3. కూడితే 167.8. మూడు వేల గ్రాములను 167.8తో భాగించి వందతో గుణిస్తే పిండి 1788 గ్రాములు వస్తుంది. గిన్నెకు కొంచెం అంటుకుపోతుంది కాబట్టి 1800 చేసుకో. అప్పుడు నీళ్లు 1170, ఉప్పు 45, ఈస్ట్ 5.4. ఇదంతా ఒకేసారి చేత్తో పిసకలేవు, నీ భుజం సంగతి నాకు తెలుసు. రెండు సార్లుగా కలుపు: 900 పిండి, 585 నీళ్లు, 22.5 ఉప్పు, 2.7 ఈస్ట్. ఈ నాలుగు అంకెలు పెద్దగా రాసి కళ్లెదుట అంటించుకో.

75 కాకుండా 65 ఎందుకన్నానంటే, పాకెట్ మీద ప్రోటీన్ 12 అని ఉందని మీ అమ్మ చదివి వినిపించింది. ఆ పిండి 65 శాతం హాయిగా తాగుతుంది. ప్రోటీన్ తొమ్మిదో పదో ఉన్న మైదా అయితే 58 దగ్గర మొదలుపెట్టమనేదాన్ని. పొట్టు ఉన్న పిండి కలిపితే ఇంకాస్త ఎక్కువ నీళ్లు లాగుతుంది. అంటే వీడియోలో ఆయన చెప్పిన 75 ఆయన పిండికి, ఆయన చేతికి, ఆయన ఓవెన్‌కి సరిపోయేది.

ఓవెన్ సంగతి కూడా ఉంది. నేపుల్స్ పద్ధతి పిజ్జాకు నియమాలు పెట్టిన సంఘం ఒకటి 1984 నుంచీ ఉంది. వాళ్లు లీటరు నీళ్లకు 1.6 నుంచి 1.8 కిలోల పిండి అంటారు. మన లెక్కలోకి మారిస్తే దాదాపు 55 నుంచి 62 శాతం. అంత తక్కువతో వాళ్లకు ఎలా సరిపోతుందంటే, వాళ్ల కట్టెల ఓవెన్‌లో పిజ్జా ఒకటిన్నర నిమిషంలోపే కాలిపోతుంది, నీళ్లు ఆవిరైపోయే వ్యవధే ఉండదు. నీది 250 డిగ్రీల ఇంటి ఓవెన్. ఏడెనిమిది నిమిషాలు లోపలే ఉంటుంది, అంతసేపూ ఎండుతూనే ఉంటుంది. అందుకే నీకు వాళ్లకన్నా కాస్త ఎక్కువ నీళ్లు కావాలి. కాస్తే!

ఇప్పుడు నా కథ. మీ పెదనాన్నకు తప్ప ఎవరికీ పూర్తిగా తెలియదు.

పెళ్లయిన కొత్తలో ఇంట్లో పాతికమందికి పిజ్జాలు చేస్తానని ఒప్పుకున్నాను. అప్పటికి నాలుగుసార్లు చేసి ఉంటాను, దాంతో బాగా వచ్చనుకున్నాను. ఈసారి రుచి ఇంకా బాగుండాలని పూలిష్ పెట్టాను, అంటే ముందురాత్రి కొంత పిండిని అంతే బరువు నీళ్లతో, చిటికెడు ఈస్ట్‌తో కలిపి పులియనివ్వడం. మొత్తం పిండి నాలుగు కిలోలు, నీళ్లు 65 శాతం, అంటే 2600 గ్రాములు. కాగితం మీద అంతవరకూ చక్కగా రాసుకున్నాను. రాత్రి ఒక కిలో పిండి, ఒక కిలో నీళ్లు కలిపి మూత పెట్టాను. పొద్దున్న చూస్తే బుడగలు బుడగలుగా భలే పొంగింది.

పొద్దున్న మిగిలిన మూడు కిలోల పిండి వేశాను. కాగితం చూశాను, 2600 అని ఉంది. 2600 పోశాను.

అర్థమైందా ఏం చేశానో? రాత్రి పోసిన కిలో నీళ్లు కూడా ఆ 2600లోవే కదా. పొద్దున్న పోయాల్సింది 1600 మాత్రమే. నాలుగు కిలోల పిండికి 3600 నీళ్లు, అంటే 90 శాతం. గిన్నెలో ఉన్నది ముద్ద కాదు, జారుడు. చెయ్యి పెడితే మోచేతి దాకా పాకింది. అప్పుడైనా ఆగి కాగితం మళ్లీ చూడొచ్చుగా? చూడలేదు. డబ్బాలో మిగిలిన పిండి పిడికెడు పిడికెడు వేస్తూ పోయాను. ఆ 3600 నీళ్లు 65 శాతం కావాలంటే పిండి ఐదున్నర కిలోలు ఉండాలి, అంటే ఇంకో కిలోన్నర వెయ్యాలి. నా దగ్గర ఉన్నది 700 గ్రాములు. అదంతా వేసినా 76 శాతం దాటే ఉంది. పైగా చివర్లో వేసిన పిండి సరిగ్గా కలవక ముద్దలో పొడి ఉండలు మిగిలాయి. కొత్త పిండికి తగ్గ ఉప్పు వెయ్యాలన్న ఆలోచన కూడా రాలేదు.

సాయంత్రం మొదటి పిజ్జాను చెక్క పలక మీద పరిచి సాస్ వేసి ఓవెన్‌లోకి తోశాను. సగం వెళ్లింది, సగం పలకనే పట్టుకుంది. మధ్యలో చిరిగి సాస్ అంతా వేడి రాతి మీద పడింది. ఇల్లంతా పొగ. కిటికీలు తీస్తూ అందరూ నవ్వుతున్నారు, నాకు ఏడుపొస్తోంది. రెండోదీ అంతే. మూడోదాన్ని మీ పెదనాన్న నా చేతిలోంచి తీసుకుని, అంచులున్న ట్రేలో నూనె బాగా పోసి, ముద్దను వేళ్లతో నొక్కి పరిచి, సాస్ వేసి కాల్చారు. మందంగా, గుల్లగా, అడుగు కరకరలాడుతూ వచ్చింది. వంట రాని మనిషి చేసింది అదొక్కటే బాగుంది! ఎక్కువ నీళ్ల ముద్దకు ట్రేనే సరైన చోటని ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. ఏదో తోచి చేశారు.

తర్వాత రెండేళ్లు నేను ఆ పిండి కంపెనీని తిట్టుకున్నాను. ఒకరోజు పాత కాగితం పుస్తకంలోంచి జారిపడితే కూడి చూశాను, అప్పుడు తెలిసింది. పిండి పాపం ఏమీ లేదు.

కాబట్టి ఈసారికి పూలిష్ జోలికి పోకు. ఎప్పుడైనా పోతే, అందులోని పిండినీ నీళ్లనూ మొత్తం లెక్కలోంచి తీసేసి, పొద్దున్నకు మిగిలింది వేరే గీత కింద రాసుకో.

శుక్రవారం సాయంత్రం కలిపేటప్పుడు 585 నీళ్లూ ఒకేసారి పోయకు. 45 గ్రాములు పక్కన ఉంచి, 540తో మొదలుపెట్టు. ఆ 45ని చివర్లో, ముద్ద తాగగలదనిపిస్తే కొంచెం కొంచెంగా పొయ్యి. పోసిన నీళ్లను వెనక్కి తీయలేవు. కలిపిన వెంటనే చేతికి అంటుకుంటుంది. అంటుకోనీ! పిండి ఇంకా నీళ్లు తాగలేదు, అంతే. మూతపెట్టి అరగంట వదిలెయ్. మళ్లీ తడిచేత్తో పట్టుకుంటే అదే ముద్ద, ఒక్క గ్రాము పిండి కూడా వెయ్యకుండానే, నునుపుగా గిన్నె వదిలి వస్తుంది. ఆ అరగంటలోపు పిండి డబ్బా ముట్టుకున్నావంటే నాకు తెలిసిపోతుంది, ఎలాగని అడగకు.

అరగంట తర్వాత కూడా ఉండ చేసి బల్ల మీద పెడితే రెండు నిమిషాల్లో పలచగా పరుచుకుపోతే నీళ్లు ఎక్కువైనట్టు. లాగితే అంచులు పగుళ్లిస్తే తక్కువైనట్టు. చెయ్యి జారి 585కి బదులు 620 పడిందనుకో, అది 69 శాతం. కంగారుపడకు, అలాగే వదిలెయ్, పరిచేటప్పుడు బల్ల మీద పొడిపిండి కాస్త ఎక్కువ జల్లు. సరిచేయాలని మరీ పట్టుబడితే 620ని 0.65తో భాగించు, 954 వస్తుంది. అంటే 54 గ్రాముల పిండి తూచి వెయ్యాలి, 1.35 గ్రాముల ఉప్పుతో సహా. పిడికిళ్లతో వద్దు.

ఉండలు చేసి, మూతపెట్టి ఫ్రిజ్‌లో పెట్టు. శనివారం కాల్చడానికి రెండు గంటల ముందు బయటికి తియ్యి. ఓవెన్, రాయి ముందే బాగా వేడెక్కాలి, అది నీకు తెలుసు.

ఈస్ట్ 2.7 గ్రాములు పెద్ద కాటా మీద సరిగ్గా తూగదు, పదో వంతు గ్రాము చూపే చిన్నది ఎవరినైనా అడిగి తెచ్చుకో. పెద్ద కాటాకు కొత్త బ్యాటరీ వెయ్యి. నీళ్లు పోస్తుండగా అది ఆరిపోయి మళ్లీ సున్నా చూపిస్తే ఎంత పోశావో ఎవరూ చెప్పలేరు. అందుకే నీళ్లు వేరే గిన్నెలో తూచి, ఆ తర్వాతే పిండిలో పొయ్యి. ట్రే ఒకటి, నూనె సీసా ఒకటి దగ్గర పెట్టుకో. అవసరం పడదులే, అయినా పెట్టుకో.

అరగంట విశ్రాంతి తర్వాత ముద్ద ఫొటో పంపు. ఎంత రాత్రైనా సరే, మేలుకునే ఉంటాను.

నీ పెద్దమ్మ