ఇంటర్నెట్ కనెక్షన్ తీసేయమంటే సగం బిల్లు ఆఫర్ ఇస్తున్నారు, ఏమని బదులివ్వాలి?

ప్రశ్న: ఫైబర్ కనెక్షన్ తీసేయమని రిక్వెస్ట్ పెట్టాను. ఫోన్ చేసి, మూడు నెలలు సగం బిల్లే కట్టండి సార్ అంటున్నారు. మొహమాటంతో కుదరదని చెప్పలేకపోతున్నా. మర్యాద చెడకుండా ఏమని రాయాలి?

జవాబు:

ముందు ఆ ఆఫర్‌ని ఏడాది లెక్కలో చూడండి. ప్లాన్ నెలకు 699 అనుకుంటే 18 శాతం జీఎస్‌టీతో దాదాపు 825 అవుతుంది. మూడు నెలలు సగం అంటే మిగిలేది 1,237 రూపాయలు. ఏడాది పాటు మానకూడదన్న షరతు దానికి తగిలించారేమో అడగండి. ఉంటే మిగతా తొమ్మిది నెలలు పూర్తి బిల్లే, ఏడాది మొత్తం 8,661. అదే 499 ప్లాన్‌కి వేరేచోట మారితే జీఎస్‌టీతో కలిపి ఏడాదికి 7,066. ఈ లెక్క మీ కోసమే, వాళ్లకు చెప్పకండి. చెబితే బేరం మొదలవుతుంది.

కారణం చెప్పినా అంతే. "స్పీడ్ రావట్లేదు" అంటే టెక్నీషియన్‌ని పంపుతామంటారు, "ఖర్చెక్కువ" అంటే ఇంకో ప్లాన్ చెబుతారు. ఫోన్‌లో ఒక్క మాట చాలు: "ఆఫర్ చెప్పినందుకు థాంక్సండి, నాకు వద్దు. మెయిల్‌లో రాసిస్తాను." "సరే, ఆలోచిస్తా" అని మాత్రం అనకండి. మర్యాద కోసం అన్న ఆ మాట అవతల ఒప్పుకున్నట్టు నమోదై, రిక్వెస్ట్ మూసేసే అవకాశం ఉంది. ఓటీపీ అడిగితే, అది దేనికో మెసేజ్‌లో చదవకుండా చెప్పొద్దు. ప్లాన్ మార్పు అని ఉంటే అది మీరు అడిగింది కాదు.

ఫోన్ పెట్టేయగానే, రిజిస్టరైన మెయిల్ నుంచే ఇలా పంపండి:

"నమస్కారం. ఈరోజు ఫోన్‌లో మీరు చెప్పిన తగ్గింపుకు ధన్యవాదాలు. నేను దాన్ని తీసుకోవడం లేదు. నా కనెక్షన్‌ను ఈ నెల 30తో ఆపేయండి. రిక్వెస్ట్ నంబరు, చివరి బిల్లు, రౌటర్ తీసుకెళ్లే తేదీ, డిపాజిట్ తిరిగొచ్చే తేదీ ఈ మెయిల్‌కే జవాబుగా తెలపండి. ఇకపై ఆఫర్ల కోసం ఫోన్ చేయవద్దని మనవి."

"తీసుకోవాలనుకోవడం లేదు" అని మెత్తగా రాయకండి, మనసు మార్చుకోవచ్చన్న సందు ఇచ్చినట్టవుతుంది. మళ్లీ ఫోన్ వస్తే కొత్తగా ఏమీ చెప్పక్కర్లేదు. "మెయిల్ పంపానండి, అదే నా జవాబు" అనండి. చేసేవాళ్లది టార్గెట్ల ఉద్యోగం, గొంతు పెంచి లాభం లేదు.

చాలామంది తడబడేది ఆటోపే దగ్గర. కోపంలో మొదటే దాన్ని రద్దు చేస్తే చివరి బిల్లు బాకీగా మిగిలి, దాన్ని సాకుగా చూపి కనెక్షన్ మూసే పని నానుస్తారు. చివరి బిల్లు కట్టాకే యూపీఐ యాప్‌లో ఆటోపే తీసేయండి. రౌటర్‌తో పాటు అడాప్టర్ కూడా ఇచ్చి, రౌటర్ వెనక ఉన్న సీరియల్ నంబరు రాసిన రసీదు తీసుకోండి. అది లేకపోతే పరికరం అందలేదని డిపాజిట్‌లో కోత పెట్టినప్పుడు చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

మెయిల్‌కి జవాబు రాకపోతే ముందు కంపెనీ కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు నమోదు చేయండి, అక్కడా తేలకపోతే అదే కంపెనీ అప్పిలేట్ అథారిటీకి ఆ ఫిర్యాదు నంబరుతో అప్పీల్ పెట్టండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి కూడా ఫిర్యాదు చేయొచ్చు.