ఇంట్లో ఒక్కొక్కరిది ఒక్కో ఛాయ: ఫ్యామిలీ ఫోటోకు ఏ రంగు బట్టలు, వెనకాల ఏ రంగు?

ప్రశ్న: నాన్నకు వచ్చే నెల 60 నిండుతున్నాయి. మిర్యాలగూడలో స్టూడియోకు వెళ్లి అందరం కలిసి ఫోటో దిగాలనుకుంటున్నాం. నాన్న, నేను బాగా నలుపు. అమ్మ, తమ్ముడు చామనఛాయ. మరదలు, పాప తెలుపు. పోయినసారి ఫోటోలో నాన్న ముఖం మసి పట్టినట్టు, మరదలి ముఖం సున్నం కొట్టినట్టు వచ్చాయి. అందరూ ఉన్నది ఉన్నట్టు కనిపించాలంటే ఏ రంగు బట్టలు వేసుకోవాలి? వెనకాల ఏ రంగు పెట్టమని అడగాలి?

జవాబు:

అక్కా, నల్లగొండలో మాకు స్టూడియో ఉంది. ఫోటోలు మా ఆయన తీస్తారు, లైట్లు పెట్టడం, తర్వాత కంప్యూటర్‌లో రంగులు సరిచేయడం నేను చూసుకుంటాను. ఒకే ఇంట్లో మూడు నాలుగు ఛాయలుండే కుటుంబాలే మా దగ్గరికి ఎక్కువగా వస్తాయి. అందుకే ముందుగా చెప్పేది, బట్టలు కొనకముందే బ్యాక్‌డ్రాప్ రంగు తేల్చుకోండి. చాలామంది చీరలు, చొక్కాలు కొనేసి వచ్చి, వెనకాల మీ ఇష్టం అంటారు. అప్పటికి మా చేతిలో పెద్దగా ఏమీ ఉండదు.

తెల్ల బ్యాక్‌డ్రాప్ వద్దనండి. కెమెరాను దాని లెక్కకు వదిలేస్తే, ఫ్రేములో ఉన్న వెలుగునంతా కలిపి ఒక మధ్యస్థమైన బూడిద రంగు స్థాయికి తేవాలని చూస్తుంది. వెనకాల అంతా తెలుపే ఉంటే వెలుగు ఎక్కువైందనుకుని మొత్తం తగ్గిస్తుంది. ఆ తగ్గింపు దెబ్బ ముందుగా పడేది మీ నాన్న ముఖం మీద, మీ ముఖం మీద. నల్ల తెర పెడితే కథ తలకిందులవుతుంది. చీకటి ఎక్కువుందని కెమెరా వెలుగు పెంచుతుంది, మరదలి నుదురు, పాప బుగ్గలు వివరాలేవీ కనిపించకుండా తెల్లగా పేలిపోతాయి. పైగా నాన్న జుట్టు, భుజాలు తెరలో కలిసిపోతాయి. ఫోటోగ్రాఫర్ సెట్టింగులన్నీ తన చేత్తో పెట్టుకుంటే కెమెరా చేసే ఈ పొరపాటు తప్పుతుంది. కానీ మన కన్ను చేసేది తప్పదు. అదే ముఖం తెల్లటి గోడ ముందు ఇంకాస్త నల్లగా, నల్లటి తెర ముందు ఇంకాస్త తెల్లగా అనిపిస్తుంది.

మీ ఇంటికి నేనైతే సిమెంట్ రంగు కంటే కొంచెం ముదురుగా, నీలం ఛాయ కలిసిన బూడిద రంగు తెర అడుగుతాను. కారణం ఉంది. మనుషుల చర్మం ఎంత తెలుపైనా, ఎంత నలుపైనా రంగు మాత్రం ఎరుపుకూ పసుపుకూ మధ్య నారింజ వైపే ఉంటుంది. మనిషికీ మనిషికీ ప్రధానంగా మారేది వెలుగు, చీకటి పాళ్లు. నీలం కలిసిన బూడిద నారింజకు ఎదురు రంగు కాబట్టి దాని ముందు అందరి చర్మంలోని వెచ్చదనం పైకి తేలుతుంది. గంధం రంగు, లేత గోధుమ రంగు, కాఫీ రంగు తెరలు చూడ్డానికి బాగుంటాయి కానీ, అవి చర్మం రంగుకు మరీ దగ్గర. మీ ఇంట్లో అయితే అమ్మ, తమ్ముడు వాటిలో కలిసిపోతారు. నీలిబూడిద దొరక్కపోతే ముదురు ఆలివ్ పచ్చ కూడా పనికొస్తుంది, కాకపోతే మెరుపు లేని గుడ్డ అయి ఉండాలి.

తెరకూ వెనక వరుసకూ మధ్య కనీసం 5 అడుగులు వదలమనండి. ఎర్ర కర్టెన్‌కు ఆనుకుని నిలబడితే చెవుల అంచులు, మెడ పక్కలు ఎర్రబారతాయి. దూరం ఉంటే ఆ రంగు మనిషి మీదికి పెద్దగా రాదు, నీడలు తెర మీద పడవు. గ్రీన్ స్క్రీన్ ముందు నిలబెట్టి తర్వాత వెనకాల ఏదైనా వేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. ఆ పచ్చదనం తెల్ల పంచె మీద, జుట్టు అంచుల్లో, తెల్లగా ఉన్నవాళ్ల దవడ మీద కూర్చుంటుంది. దాన్ని తీసేసే పనిలో చర్మం రంగు కూడా పోతుంది.

ఇక బట్టలు. ఇక్కడ చూడాల్సింది మెడ నుంచి ఛాతీ దాకా ఉన్న భాగం. మీద పడ్డ వెలుగు ఆ గుడ్డకు తగిలి గడ్డం కిందికి, దవడ మీదికి ఎగబాకుతుంది, వస్తూ వస్తూ గుడ్డ రంగును వెంట తెస్తుంది. చిలకపచ్చ చీర కట్టుకున్న ఆవిడ ఫోటోను స్క్రీన్ మీద పెద్దది చేసి చూస్తే, పెదవి కింద నుంచి గొంతు దాకా పచ్చటి మరక స్పష్టంగా కనిపిస్తుంది. తెల్లని చర్మం మీద అది నేరుగా బయటపడుతుంది. నలుపు చర్మం మీద దవడ మెరిసే చోట కనిపిస్తుంది, మనిషి నీరసంగా ఉన్నట్టు అనిపిస్తుంది. రాణి పింక్, నారింజ, రేడియం రంగులన్నీ ఇదే పని చేస్తాయి. కొనేముందు కొట్టు బయట నీడలో నిలబడి, చీర మడతను గడ్డం కింద పట్టుకుని ఫోన్‌లో ఒక ఫోటో తీయించుకోండి. మెడకు రంగు పడితే దాన్ని వేరే ఫంక్షన్‌కు ఉంచుకోండి.

రెండో సంగతి గుడ్డ వెలుగు. మీ ముఖాల మధ్యే తెలుపు, నలుపు తేడా చాలా ఉంది, బట్టలు ఆ తేడాను ఇంకా పెంచకూడదు. నాన్నకు మల్లెపువ్వులాంటి తెల్ల చొక్కా, మరదలికి నల్ల చీర అనుకోండి. ఫోటోగ్రాఫర్ చొక్కా పేలిపోకుండా చూసుకుంటే నాన్న ముఖం మునిగిపోతుంది, నాన్న ముఖం తేల్చితే చొక్కా మీద ఒక్క మడత కూడా మిగలదు. అందుకే అందరూ మధ్యస్థంగా ఉండే ముదురు రంగుల్లో ఉండండి. మెరూన్, నెమలికంఠం, వంగపండు రంగు, బాటిల్ గ్రీన్ అన్నీ దాదాపు ఆ వరుసలోవే, ఆవాల పసుపు వాటికంటే కొంచెం లేత అయినా పనికొస్తుంది. ఒకే రంగు అందరూ వేసుకోనక్కర్లేదు. మూడు రంగులు తీసుకుని పంచుకుంటే సరిపోతుంది.

నాన్న పంచె తెల్లగా ఉంటే టెన్షన్ పడకండి, అది ముఖానికి దూరం. చొక్కా, కండువా మాత్రం మీగడ రంగులోనో గంధం రంగులోనో తీసుకోండి. ఆ లేత రంగు కింది నుంచి కొంచెం వెలుగును గడ్డం మీదికి పంపి నాన్న ముఖానికి మేలే చేస్తుంది, పచ్చి తెలుపంత పేలదు.

చీరల విషయంలో మన చుట్టుపక్కల నేతే బాగా కలిసొస్తుంది. నారాయణపేట నూలు చీరల్లో మెరూన్, ఆవాల పసుపు ఎప్పుడూ దొరుకుతాయి, వాటికి మెరుపు ఉండదు. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచు, కొంగు పట్టు. ఒంటి భాగం వెలుగును మెత్తగా తీసుకుంటుంది, అంచు పండగ కళ తెస్తుంది. కొంగు జరీ గడ్డం కిందికి రాకుండా భుజం మీదికి సర్ది పిన్ను పెట్టండి, లేదంటే ఫ్లాష్‌కు మెడ మీద పసుపు చుక్కలు పడతాయి. పోచంపల్లి ఇక్కత్ అయితే ఒకరికో ఇద్దరికో చాలు, అందరూ కడితే కన్ను ముఖాల దగ్గర ఆగదు. మగవాళ్లకు సన్నగళ్ల చొక్కాలు వద్దు. దూరం నుంచి తీసినప్పుడు ఆ గళ్ల మీద అలల్లా రంగు చారలు వస్తాయి, వాటిని తీయడం చాలా కష్టం.

అన్నీ కుదిరాయో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. బట్టలన్నీ కిటికీ దగ్గర మంచం మీద పక్కపక్కన పరవండి. లైట్లు ఆపేసి, పగటి వెలుగులో ఒక ఫోటో తీసి, ఫోన్‌లోనే దాన్ని బ్లాక్ అండ్ వైట్ చేయండి. రంగులు పోయాక మిగిలేది వెలుగు, చీకటే. నాన్న లేత చొక్కా, కండువా, పంచె పక్కన పెడితే, మిగతావన్నీ దగ్గర దగ్గర బూడిద ఛాయల్లో కనిపిస్తే మీ ఎంపిక సరైనదే. వాటిలో ఒక్కటి కాగితంలా తెల్లగా, ఇంకొకటి బొగ్గులా కనిపిస్తే ఆ రెండింటిలో కనీసం ఒకటి మార్చండి.

పోయిన దసరాకు దేవరకొండ వైపు నుంచి ఒక కుటుంబం వచ్చింది. పెద్దాయన, పెద్ద కూతురు బాగా నలుపు, కోడలు, మనవరాలు తెలుపు, అచ్చం మీ ఇంటి లెక్కే. ఆడవాళ్లంతా చిలకపచ్చ, పెద్దాయన తళతళలాడే తెల్ల చొక్కా, వెనకాల తెలుపే కావాలన్నారు. తెల్ల తెర ముందు ఒకటి తీసి కంప్యూటర్‌లో చూపించాం. పెద్దాయన కళ్లు కనిపించడం లేదు, మనవరాలి గడ్డం పచ్చగా ఉంది. వాళ్లే మార్చమన్నారు. నీలిబూడిద తెర దించాం. పెద్దాయనకు గంధం రంగు కండువా ఛాతీ నిండా వేశాం. కోడలి దగ్గర బ్యాగులో మెరూన్ నారాయణపేట చీర ఉంది, అది కట్టుకుంది. పాపకు ఆవాల పసుపు గౌను వేశారు. కూతురికి మార్చడానికి ఇంకో చీర లేదు, వంగపండు రంగు శాలువా కొంగు మీదుగా కప్పాం.

తర్వాత కూర్చోబెట్టే వరుస మార్చాం. పెద్దాయన, కూతురు పెద్ద గొడుగు లైట్‌కు 5 అడుగుల దూరంలో, కోడలు, పాప 6 అడుగుల దూరంలో. అడుగే కదా అనిపిస్తుంది కానీ, 6 అడుగుల దగ్గరికి చేరే వెలుగు 5 అడుగుల దగ్గర పడేదాంట్లో దాదాపు 70 శాతమే. ఆ తేడాతో పెద్దాయన కళ్ల కింది గీతలు, పాప బుగ్గ గుండ్రదనం రెండూ ఒకే ఫోటోలో వచ్చాయి. పెద్దాయన నలుపు నలుపులాగే ఉంది, ముఖంలో మాత్రం జీవం ఉంది. దూరం మరీ పెంచితే అవతలివాళ్లు చీకట్లో పడతారు, అడుగు, అడుగున్నర దాటనివ్వకండి.

ఎడిటింగ్ గురించి ముందే గట్టిగా చెప్పుకోండి. అడగకపోయినా ముఖాలు తెల్లగా చేసి ఇవ్వడం చాలాచోట్ల అలవాటుగా మారింది. నలుపు ముఖాన్ని తెల్లగా లాగితే అది బూడిద పూసినట్టు తయారవుతుంది, చేతులు, మెడ అసలు రంగులోనే ఉండి తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. 60 ఏళ్ల మనిషి ముఖాన్ని ఆయన పిల్లలే గుర్తుపట్టలేనట్టు చేయడానికి ఎవరికీ హక్కు లేదు. "ఛాయ మార్చొద్దు, మచ్చలుంటే తీయండి చాలు" అని సిట్టింగ్‌కు ముందే చెప్పండి. లైట్లు పెట్టాక మొదటి ఫోటోలో నాన్న చేతికి గ్రే కార్డ్ అనే బూడిద రంగు అట్ట ఇచ్చి ముఖం పక్కన పట్టించమనండి. తర్వాత కంప్యూటర్‌లో ఆ కార్డు మీద క్లిక్ చేసి వైట్ బ్యాలెన్స్, అంటే రంగుల తూకం పెడితే, మిగతా ఫోటోలన్నింటికీ అదే లెక్క వర్తిస్తుంది. చీరల రంగు చూసి కెమెరా మోసపోయే అవకాశం ఉండదు.

ఫోటోను ఫోన్‌లో చూసి ఓకే అనేయకండి. స్క్రీన్ తనంతట తానే వెలుగుతుంది, కాగితం వెలగదు, అందుకే ప్రింటులో నలుపు ముఖాలు ఇంకాస్త మునుగుతాయి. 12×18 ఫ్రేమ్ కొట్టించేముందు అదే ల్యాబ్‌లో 4×6 ప్రింటు ఒకటి తెప్పించుకుని పగటి వెలుగులో చూడండి. నాన్న కనుబొమ్మ కింద కనురెప్ప గీత, మరదలి నుదుటి మీద చర్మం గరుకు రెండూ కనిపిస్తే పెద్దది కొట్టమనండి. రెప్ప గీత కనిపించకపోతే ఫోటో మొత్తాన్ని పెంచకుండా ముదురు భాగాలను మాత్రం కొంచెం తేల్చి, ఇంకో 4×6 తీయమనండి.