లెక్కల స్లైడ్‌లో నాలుగు వరసలు చాలు

"మాది గుణుపురం దగ్గర జీడి రైతుల కంపెనీ. సర్వసభ్య సమావేశంలో ఆదాయ ఖర్చుల పట్టిక తెర మీద చూపించాలి. 23 వరసలున్నాయి, అన్నీ రూపాయలతో సహా. రౌండ్ చేస్తే ఏదో దాచారంటారేమో అని భయం. ఎలా చెయ్యమంటారు?"

ఆడిటర్ సంతకమున్న పూర్తి పట్టికను అచ్చు తీసి ముందే చేతికిచ్చేయండి, ఆ మాట ఎవరూ అనరు. కంపెనీల చట్టంలోని షెడ్యూల్ 3 కూడా లెక్కల్ని రౌండ్ చేసే చూపించమంటుంది. ఆదాయం 100 కోట్ల లోపైతే వందల్లోనో వేలల్లోనో లక్షల్లోనో చూపవచ్చు, అయితే అంతటా ఒకటే ఉండాలి.

అసలు చిక్కు ఏ వరసలు ఉంచాలన్నది. ఉదాహరణకి అమ్మకాలు నిరుడు 1,62,18,940, ఈ ఏడు 1,84,37,652 అనుకుందాం. జీడిపిక్కల కొనుగోలు 1,10,72,385 నుంచి 1,31,46,218కి పెరిగింది. మిగులు 13,62,260 నుంచి 10,48,859కి పడిపోయింది. సభలో లేచే ప్రశ్న ఒకటే: అమ్మకం పెరిగితే మిగులు ఎందుకు తగ్గింది? దానికి జవాబిచ్చే వరసలే తెర మీద ఉండాలి. కూలీ, రవాణా, కరెంటు, వడ్డీ అన్నీ కలిపి "మిగతా ఖర్చులు" అని ఒక్క వరస చేసేయండి.

| ₹ లక్షల్లో | నిరుడు | ఈ ఏడు |
|---|---:|---:|
| అమ్మకాలు | 162.2 | 184.4 |
| పిక్కల కొనుగోలు | 110.7 | 131.5 |
| మిగతా ఖర్చులు | 37.8 | 42.4 |
| మిగులు | 13.6 | 10.5 |

అమ్మకం 22 లక్షలు పెరిగితే పిక్కలే దాదాపు 21 లక్షలు మింగేశాయి. వంద రూపాయల అమ్మకంలో నిరుడు 68 రూపాయలు పిక్కలకు పోతే ఈసారి 71 పోయాయి. ఆ ఒక్క ముక్క పట్టిక కింద పెద్ద అక్షరాల్లో రాయండి.

ఇప్పుడు నిరుటి నిలువు గడిని చేత్తో తీసివేసి చూడండి: 162.2లో 110.7, 37.8 పోతే 13.7 రావాలి. పట్టికలో 13.6 ఉంది. కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చునేవాడు ప్రతి సభలోనూ ఒకడుంటాడు, వాడు దీన్ని పట్టేస్తాడు. లెక్క తప్పలేదు, వరసలు విడివిడిగా రౌండ్ అవడంవల్ల ఆ తేడా వచ్చింది. కుదరడం కోసం 13.6ను 13.7 చెయ్యకండి, చేస్తే చేతిలో కాగితంతో పొంతన పోతుంది. "రౌండ్ చేసినందువల్ల 0.1 తేడా రావచ్చు" అని కింద చిన్నగా రాస్తే సరి.

ఎన్ని స్థానాలు ఉంచాలన్నది మిగులే చెబుతుంది, అమ్మకం కాదు. మరీ కుదించి నిండు లక్షల్లో పెట్టారనుకోండి, మిగులు 14 నుంచి 10 అవుతుంది. అంటే 29 శాతం పడినట్టు. అసలు పడింది 23 శాతం. అందుకే ఒక దశాంశం ఉంచాలి, శాతాలేమో ఎప్పుడూ అసలు అంకెల మీదే కట్టాలి. ఎక్సెల్‌లో వేరే షీట్ తీసి ఇలా రాయండి:

```
=ROUND(Sheet1!B2/100000,1)
=(Sheet1!C2-Sheet1!B2)/Sheet1!B2
```

Sheet1 అన్నచోట మీ అసలు షీట్ పేరు పెట్టండి, B2, C2 అందులోని నిరుడు, ఈ ఏటి అంకెలు. `0.0,,` అన్న ఫార్మాట్ వాడితే మిలియన్లు వస్తాయి, మన సభ్యులకి అక్కర్లేదు. కంపెనీలకు స్లైడ్లు చేసిపెట్టేవాళ్ళు ఇంకా ఆ మిలియన్లే ఎందుకు పెడతారో నాకు అర్థం కాదు.

ఎక్సెల్ పట్టికను ఆబ్జెక్ట్‌గా స్లైడ్‌లో అతికిస్తే మొత్తం ఫైలు దాని వెనకే వస్తుంది. ఆ స్లైడ్ వాట్సాప్‌లో ఎవరికైనా పంపితే, పట్టిక మీద రెండుసార్లు నొక్కి జీతాల షీట్ కూడా చూసేస్తారు. పవర్‌పాయింట్‌లోనే పట్టిక గీసి అంకెలు టైపు చేయడం మంచిది. నాలుగు వరసలకి ఎంతసేపు పడుతుంది?

రంగు విషయానికొస్తే, పగటిపూట కిటికీలున్న హాల్లో లేత పసుపు తెర మీద కనబడదు. పిక్కల వరస అక్షరాలు లావుగా, నల్లగా పెట్టి, మిగతా మూడూ ముదురు బూడిద రంగులో ఉంచండి. మిగులు పైన ఒక గీత చాలు. ఇంకో వరసకి కూడా అలాగే చేస్తే పిక్కల వరస ప్రత్యేకత పోతుంది. అక్షరాలు 28 పాయింట్లకి తగ్గకూడదు. ఒత్తులు, గుడులు ఇరుక్కోకుండా వరసల మధ్య ఖాళీ కాస్త పెంచండి. అంకెలు కుడివైపుకి జరిపితే దశాంశాలు ఒకదాని కింద ఒకటి వస్తాయి.

మీ సభలో ఒడియా చదివే సభ్యులూ ఉంటారు కాబట్టి వరస పేర్లు రెండు లిపుల్లో రాయండి. నాలుగు వరసలే గనక చోటు సరిపోతుంది, 23 వరసలకైతే ఆ ఊసే ఎత్తలేం.