మొదట ఎటిపియా, తర్వాత డీసీఐఎస్, మార్జిన్ 1 మిల్లీమీటర్: ఈ రెండు రిపోర్టుల్ని ఎలా చదవాలి?

ప్రశ్న: అమ్మకి రొమ్ములో సూదితో చేసిన బయాప్సీలో "ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా, మాలిగ్నన్సీ లేదు" అని రాశారు. ఆ భాగం ఆపరేషన్ చేసి తీశాక "డక్టల్ కార్సినోమా ఇన్ సిటు, న్యూక్లియర్ గ్రేడ్ 2, మార్జిన్లు నెగెటివ్, క్లోజెస్ట్ మీడియల్ 1 మి.మీ." అని వచ్చింది. మొదటి రిపోర్టు తప్పా? గ్రేడ్ 2 అంటే రెండో స్టేజా? మార్జిన్ నెగెటివ్ అయితే మళ్లీ ఆపరేషన్ ఎందుకంటున్నారు?

జవాబు:

ఇలాంటి స్లైడ్లు చూసి రిపోర్టు రాసే పనే నాది కాబట్టి, మీ మూడు ప్రశ్నలకీ బల్ల మీద జరిగే పని నుంచే చెబుతాను.

తేడా వచ్చినంత మాత్రాన మొదటి రిపోర్టు తప్పని అనుకోకండి. సూది బయాప్సీలో వచ్చేవి సన్నటి దారప్పోగుల్లాంటి ముక్కలు. మామూలుగా వాడే 14 గేజ్ సూది బయటి వెడల్పే 2 మిల్లీమీటర్లు, లోపల వచ్చే ముక్క అంతకన్నా సన్నం. ఇక ఎటిపికల్ డక్టల్ హైపర్‌ప్లేసియా అంటే పాల నాళం లోపల కణాలు పెరిగి, వాటి రూపమూ అమరికా డీసీఐఎస్‌లోని, అంటే నాళం గోడ దాటని డక్టల్ కార్సినోమా ఇన్ సిటులోని, తక్కువ గ్రేడ్ రకాన్ని పోలి ఉండటం. ఈ రెంటినీ వేరుచేయడానికి మేం చూసేది చాలావరకు విస్తీర్ణమే. అలాంటి కణాలు కనీసం రెండు నాళాల్ని పూర్తిగా నింపాయా, లేదా 2 మిల్లీమీటర్లు దాటాయా అన్నది వాడుకలో ఉన్న కొలత. సన్నటి ముక్క అంచున సగం తెగిన నాళం ఒక్కటే ఉంటే, అది అక్కడితో ఆగిందో పక్కకి ఇంకా పాకిందో ఎవరూ చెప్పలేరు. అందుకే అక్కడ ఎటిపియా అని రాసి ఆపుతారు. ఆ మాట వచ్చినప్పుడు చాలామంది సర్జన్లు ఆ చోటు మొత్తం తీసి చూద్దామంటారు. అలా తీసినవాటిలో కొన్నింటిలో డీసీఐఎస్, ఇంకా తక్కువమందిలో చొచ్చుకుపోయే కేన్సర్ బయటపడతాయి. మీ అమ్మగారి విషయంలో ఆ సలహా ఇచ్చిన ప్రయోజనం నెరవేరింది.

"మాలిగ్నన్సీ లేదు" అన్న వాక్యం ఆ ముక్కల వరకే. "బినైన్", అంటే కేన్సర్ కానిది, అని వచ్చినా అంతే. మామోగ్రామ్‌లో అనుమానంగా కనిపించిన చోటికీ ఆ బినైన్ మాటకీ పొంతన కుదిరిందా లేదా అన్నది రేడియాలజిస్టు చూసి చెప్పాలి. కుదరకపోతే మళ్లీ ముక్క తీయాల్సిందే. ఇంకో సంగతి, అన్ని ఎటిపియాలూ ఒకటి కావు. వాపు, ఇన్ఫెక్షన్, పాత రేడియేషన్ వల్ల కణాలు వికారంగా మారితే "రియాక్టివ్ ఎటిపియా" అని రాస్తారు. దాని దారి వేరు.

గ్రేడ్‌కీ స్టేజ్‌కీ సంబంధం కలపకండి. స్టేజ్ చెప్పేది జబ్బు ఎంత దూరం వెళ్లిందని. డీసీఐఎస్ నాళం గోడ దాటదు, కాబట్టి దాని స్టేజ్ సున్నా. గ్రేడ్ చెప్పేది కణం రూపం ఎంత మారిందని. డీసీఐఎస్‌లో కణాల కేంద్రకాల్ని అదే స్లైడ్‌లో కనిపించే ఎర్ర రక్తకణంతో పోల్చి చూస్తాం. దానికి ఒకటిన్నర నుంచి రెండింతల వరకు ఉండి, అన్నీ ఒకేలా ఉంటే గ్రేడ్ 1. రెండున్నర రెట్లు దాటి, తలోరకంగా ఉంటే గ్రేడ్ 3. మధ్యలోవి 2. మీకు వచ్చింది ఆ మధ్యదే. చొచ్చుకుపోయే కేన్సర్‌లో గ్రేడ్ వేసే పద్ధతి వేరు: నాళాల ఆకారం, కేంద్రకం, కణ విభజన అనే మూడింటికి ఒక్కోదానికి 1 నుంచి 3 మార్కులు వేసి కూడతారు. మొత్తం 6 లేదా 7 వస్తే గ్రేడ్ 2. బంధువుల్లో ఎవరికైనా గ్రేడ్ 2 వచ్చిందని ఆ రిపోర్టుతో పోల్చి చూస్తే తప్పుదారి పడతారు.

అసలు చిక్కు మార్జిన్, అంటే తీసిన ముక్క అంచు, దగ్గరే. తీసిన ముక్కకి సర్జన్ దారాలు కట్టి ఏది పైవైపో ఏది పక్కవైపో గుర్తుపెడతారు. దాని బయటి ఉపరితలమంతా మేం ఇంకు పూస్తాం, ఒక్కో వైపుకి ఒక్కో రంగు. తర్వాత 3 నుంచి 5 మిల్లీమీటర్ల బిళ్లలుగా కోసి, స్లైడ్లు చేసి, జబ్బు కణానికీ ఇంకుకీ మధ్య దూరం కొలుస్తాం. ఇంకు జబ్బుని తాకితే పాజిటివ్, తాకకపోతే నెగెటివ్. కాబట్టి 1 మిల్లీమీటర్ నెగెటివే.

మరి మళ్లీ ఎందుకు? డీసీఐఎస్ ముద్దలా పెరగదు, కొమ్మలు చీలే నాళాల్లో పాకుతుంది. మధ్యలో ఖాళీలు వదిలి అవతల మళ్లీ కనిపించవచ్చు. ఇంకు దగ్గర 1 మిల్లీమీటర్ శుభ్రంగా ఉన్నా, రొమ్ములో మిగిలిన వైపు అదే నాళంలో కొంచెం ఉండిపోయే వీలుంది. రొమ్ము మొత్తం తీయకుండా రేడియేషన్ తీసుకునేవాళ్లకి 2 మిల్లీమీటర్లు ఉంటే చాలని 2016లో అమెరికాలోని సర్జరీ, రేడియేషన్, ఆంకాలజీ సంఘాలు కలిసి మార్గదర్శకం ఇచ్చాయి. అంతకన్నా వెడల్పు తీసినా చెప్పుకోదగ్గ లాభం లేదని కూడా అందులో ఉంది. చొచ్చుకుపోయే కేన్సర్‌లో మాత్రం ఇంకు తాకకపోతే చాలు. రెండింటికీ ఒకే నెగెటివ్ అన్న మాట వాడటంతో మీలాగే చాలామంది తికమకపడుతున్నారు.

అయితే 2కి తగ్గిందంటే ఆపరేషన్ తప్పనిసరి అని కూడా ఆ మార్గదర్శకం అనదు, ఒక్కొక్కరి పరిస్థితి చూసి నిర్ణయించమంటుంది. అందుకే సంతకం పెట్టేముందు సర్జన్‌ని ఇవి అడగండి. మీడియల్ వైపు, అంటే రెండు రొమ్ముల మధ్య వైపు, తీయడానికి ఇంకా రొమ్ము కణజాలం ఉందా? (లోతు మార్జిన్ అయ్యుండి కండరం పొర దాకా ఇప్పటికే తీసేసి ఉంటే, మళ్లీ తీయడానికి అక్కడేమీ ఉండదు.) ఆ 1 మిల్లీమీటర్ ఒక్క చుక్క దగ్గరేనా, లేక ఆ అంచు పొడవునా ఎన్నో నాళాలు దగ్గరగా ఉన్నాయా? మొదటిదానికన్నా రెండోది ఎక్కువ ఆందోళన పెట్టే పరిస్థితి. ఆపరేషన్‌లోనే మీడియల్ వైపు అదనపు ముక్క విడిగా తీసి పంపారా? పంపి ఉంటే అసలు మార్జిన్ ఆ ముక్కదే. దాని ఫలితం రిపోర్టులో కింద ఇంకో పేరాలో ఉండొచ్చు, మొదటి పేజీలోని 1 చూసి ఆగిపోకండి.

ఆ అంకెని మరీ గట్టిగా పట్టుకోవద్దు కూడా. కొవ్వు ఎక్కువున్న ముక్క బల్ల మీద పెట్టగానే చదునుగా అణిగిపోతుంది, ఎక్స్-రే కోసం నొక్కితే ఇంకా అణుగుతుంది. ముక్కలో చీలిక ఉంటే ఇంకు లోపలికి కారి లేని అంచుని చూపిస్తుంది. జబ్బుతో పాటు మామోగ్రామ్‌లో సున్నపు చుక్కలు కనిపించి ఉంటే, రేడియేషన్‌కి ముందు మళ్లీ మామోగ్రామ్ తీసి అవి మిగిలాయేమో చూస్తారా అని అడగండి. కొలత కన్నా కొన్నిసార్లు అదే ఎక్కువ చెబుతుంది.

రెండో అభిప్రాయం కావాలంటే కాగితం ఒక్కటే తీసుకెళ్తే సరిపోదు. రెండు బయాప్సీల స్లైడ్లూ, మైనంలో పొదిగి దాచిన ముక్కలైన పారఫిన్ బ్లాకులూ ఆసుపత్రి నుంచి రాసిచ్చి తీసుకోండి. బ్లాకు ఉంటే కొత్త పొరలు కోయవచ్చు, ఈస్ట్రోజెన్ రిసెప్టర్ పరీక్ష ఇంకా చేయకపోతే అదీ దాని మీదే చేయవచ్చు. ఆ ఫలితం వచ్చాకే హార్మోన్ మాత్రల సంగతి మాట్లాడతారు.