ప్రభుత్వం అప్పు చేస్తే చిన్న యూనిట్‌కు అప్పు దొరకదా?

ప్రశ్న: "రేణిగుంట దగ్గర అట్టపెట్టెల తయారీ యూనిట్ పెట్టాలనుకుంటున్నాను. ప్రభుత్వం విపరీతంగా అప్పులు చేస్తోంది కాబట్టి బ్యాంకుల్లో మనకు డబ్బు మిగలదు, వడ్డీ పెరుగుతుంది, ఆగమని బంధువులు అంటున్నారు. పేపర్లో మాత్రం బడ్జెట్ లోటు తగ్గిందని రాస్తున్నారు. లోటు, అప్పు వేరువేరా? వాళ్ల మాటలో నిజమెంత?"

చిత్తూరు జిల్లాలో ఒక బ్యాంకు రుణ విభాగంలో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. మీ బంధువులు చెప్పిన పరిస్థితిని కళ్లారా చూశాను, దానికి సరిగ్గా వ్యతిరేకమైనదీ చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదట లోటు సంగతి. 2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాల్లో ఖర్చు 50.65 లక్షల కోట్ల రూపాయలు, అప్పులు కాకుండా వచ్చే రాబడి 34.96 లక్షల కోట్లు. తేడా సుమారు 15.69 లక్షల కోట్లు. ఇదే ద్రవ్య లోటు, ఆ ఒక్క ఏడాది లెక్క. దాన్ని పూడ్చడానికి తెచ్చిన అప్పు పాత అప్పుల మీద చేరుతుంది. అలా ఏళ్ల తరబడి పేరుకుని, ఇంకా తీర్చవలసి ఉన్న మొత్తమే దేశం అప్పు. కాబట్టి లోటు తగ్గితే అప్పు పెరిగే వేగం తగ్గుతుంది తప్ప అప్పు తగ్గదు. 2020-21లో జీడీపీలో 9.2 శాతం ఉన్న లోటును ఈ బడ్జెట్‌లో 4.4 శాతంగా అంచనా వేశారు. ఈ మధ్య కాలంలో రూపాయల్లో అప్పు ఏటా పెరుగుతూనే వచ్చింది. 'లోటు తగ్గింది', 'అప్పు పెరిగింది' అనే రెండు శీర్షికలు ఒకే రోజు పేపర్లో కనిపించినా రెండూ నిజమే.

ఈ రెండింటినీ కలిపే ముడి వడ్డీ. అదే బడ్జెట్‌లో వడ్డీ చెల్లింపులకే 12.76 లక్షల కోట్లు పోతాయి. అంటే ఆ ఏటి లోటులో నాలుగింట మూడు వంతులకు పైగా పాత అప్పుల వడ్డీకి సమానం. నన్ను కలవరపెట్టేది లోటు శాతం కంటే ఈ అంకే.

ఇక మీ బంధువుల వాదన. దీన్ని ఆర్థికవేత్తలు క్రౌడింగ్ ఔట్ అంటారు. జనం పొదుపు చేసిన డబ్బుకు ఒక పరిమితి ఉంటుంది, అందులో ప్రభుత్వం పెద్ద వాటా తీసుకుంటే ప్రైవేటు పెట్టుబడికి మిగిలేది తగ్గుతుంది, దాని వడ్డీ పెరుగుతుంది అని దాని సారం. ఇది 1991లో మా బ్రాంచిలో అక్షరాలా జరిగింది. అంతకుముందు ఏడాది కేంద్రం లోటు జీడీపీలో సుమారు 8 శాతం. అప్పట్లో బ్యాంకులు తమ డిపాజిట్లలో 38.5 శాతం ఎస్‌ఎల్‌ఆర్ కింద ప్రధానంగా ప్రభుత్వ బాండ్లలో పెట్టాలి, 15 శాతం సీఆర్‌ఆర్ కింద రిజర్వు బ్యాంకు దగ్గర ఉంచాలి. ఆ ఏడాది మే నుంచి కొత్తగా వచ్చే డిపాజిట్లపై మరో 10 శాతం సీఆర్‌ఆర్ విధించారు. అంటే కొత్తగా వంద రూపాయలు డిపాజిట్ అయితే 63.50 రూపాయలు ముందే పోయేవి. మిగిలిన 36.50 లోంచే వ్యవసాయానికి, చిన్న పరిశ్రమకు, వ్యాపారికి, అందరికీ సర్దాలి.

సీఆర్‌ఆర్ సొమ్ము నేరుగా ప్రభుత్వానికి పోదు కదా అని మీరు అడగవచ్చు. అప్పట్లో ప్రభుత్వం ఖజానా ఖాళీ అయినప్పుడల్లా అడ్‌హాక్ ట్రెజరీ బిల్లులనే తాత్కాలిక అప్పు పత్రాలు ఇచ్చి రిజర్వు బ్యాంకు నుంచే డబ్బు తీసుకునేది. అలా పుట్టిన కొత్త డబ్బు ధరలను పెంచకుండా ఉండాలంటే దాన్ని ఎక్కడో ఒకచోట కట్టడి చేయాలి. ఆ భారం సీఆర్‌ఆర్ రూపంలో బ్యాంకుల మీద పడేది. ఆ అడ్‌హాక్ బిల్లుల పద్ధతి 1997లో ఆగింది.

దాని ఫలితం మామిడి కాలంలో కళ్లకు కట్టేది. జూన్, జూలైలలో తోతాపురి కాయ ఒక్కసారిగా దిగుతుంది. గుజ్జు పరిశ్రమవాళ్లు కొన్ని వారాల్లోనే ఏడాదికి సరిపడా కాయ కొని, గుజ్జు తీసి, డబ్బాల్లో నింపి, తర్వాత నెలల తరబడి అమ్ముకోవాలి. ఆ మధ్య కాలానికి క్యాష్ క్రెడిట్, అంటే ఒక పరిమితి వరకు అవసరమైనప్పుడల్లా తీసుకునే బ్యాంకు అప్పు, తప్పనిసరి. ఒక యజమాని కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, పాత బాకీ ఏమీ లేదు, కొనేవాళ్ల ఆర్డర్లు కూడా చూపించాడు. అడిగిన పరిమితిలో సగం కూడా మంజూరు కాలేదు. మిగతా కాయ బయటి వడ్డీకి తెచ్చి కొన్నాడు. అతని పరపతిలో లోపం ఏమీ లేదు, మా దగ్గర ఇవ్వడానికి డబ్బే లేదు.

ఇప్పుడు 2020 చూడండి. కరోనా దెబ్బకు మే నెలలో కేంద్రం ఆ ఏడాది మార్కెట్ అప్పును 7.8 లక్షల కోట్ల నుంచి 12 లక్షల కోట్లకు పెంచింది. సూత్రం ప్రకారం వడ్డీలు భగ్గుమనాలి. కానీ అదే నెలలో రెపో, అంటే బ్యాంకులకిచ్చే అప్పుపై రిజర్వు బ్యాంకు తీసుకునే వడ్డీ, 4 శాతానికి దిగింది, పదేళ్ల ప్రభుత్వ బాండ్లపై వచ్చే వడ్డీ రాబడి 6 శాతం చుట్టూనే తిరిగింది. కారణం సులభం: ప్రైవేటువాళ్లెవరూ అప్పు అడగడం లేదు. మంజూరైన పరిమితులను కూడా వాడుకోని ఖాతాలు మా దగ్గర ఎన్నో ఉండేవి. లారీలు తిరగనప్పుడు, ఆర్డర్లు లేనప్పుడు యూనిట్ యజమాని అప్పు తెచ్చి ఏం చేస్తాడు? బ్యాంకుల్లో పోగుపడిన డబ్బుకు ప్రభుత్వ బాండ్లే దిక్కయ్యాయి. పైగా ప్రభుత్వం పూర్తి హామీ ఇచ్చి, పాత రుణంలో 20 శాతం మేర అత్యవసర రుణం ఇప్పించింది. ఆ డబ్బుతో జీతాలిచ్చి తలుపులు తెరిచి ఉంచిన యూనిట్లు నాకు తెలుసు. అక్కడ ప్రభుత్వం ప్రైవేటు పెట్టుబడిని పక్కకు నెట్టలేదు, నిలబెట్టింది.

కాబట్టి ప్రభుత్వం ఎంత అప్పు చేస్తోందన్నది సగం ప్రశ్నే. అదే సమయంలో మిగతావాళ్లు ఎంత అడుగుతున్నారన్నది మిగతా సగం. పరిశ్రమలు పూర్తి సామర్థ్యంతో నడుస్తూ, అందరూ విస్తరించాలని చూస్తున్నప్పుడు లోటు పెద్దదైతే మీ బంధువుల మాట నిజమవుతుంది. ప్రభుత్వ అప్పుతో వచ్చే డిమాండ్ ధరలను పెంచితే, రిజర్వు బ్యాంకు రెపో పెంచుతుంది. అలా చుట్టు తిరిగి కూడా ఆ భారం మీ దాకా రావచ్చు. అయితే రెపో పెరిగిన ప్రతిసారీ లోటునే తప్పుపట్టకూడదు. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి వరకు అది 4 నుంచి 6.5 శాతానికి పోయింది. అందులో ఉక్రెయిన్ యుద్ధం వల్ల పెరిగిన చమురు, ఆహార ధరల వాటా పెద్దది.

మీ విషయానికొస్తే, ఇప్పుడు ఎస్‌ఎల్‌ఆర్ 18 శాతమే. బ్యాంకులు అంతకంటే ఎక్కువ బాండ్లు తమంతట తామే ఉంచుకుంటున్నాయి. అప్పు అడిగేవాళ్లు పెరిగితే ఆ అదనపు బాండ్లను అమ్ముకుని అప్పులివ్వగలవు. 1991లో ఆ వెసులుబాటు లేదు.

మరో సంగతి, 2019 అక్టోబరు నుంచి సూక్ష్మ, చిన్న సంస్థలకు బ్యాంకులిచ్చే కొత్త చర వడ్డీ రుణాలు, అంటే వడ్డీ మారుతూ ఉండేవి, రెపో వంటి బయటి రేటుకు ముడిపడి ఉంటాయి. కాబట్టి బాండ్ల వేలంలో రాబడి కాస్త పెరిగినంత మాత్రాన మీ వాయిదా మారదు. ఆ వేడి ముందు తగిలేది బాండ్లు అమ్మి డబ్బు తెచ్చుకునే పెద్ద కంపెనీలకు, ఎన్‌బీఎఫ్‌సీలనే బ్యాంకులు కాని ఫైనాన్స్ సంస్థలకు. మీరు ఎన్‌బీఎఫ్‌సీ నుంచి తీసుకుంటే ఈ రెపో నిబంధన వర్తించదు, వాళ్ల ఖర్చు పెరిగితే మీ మీద వేస్తారు. అందుకని బ్యాంకుకే ముందు వెళ్లండి. మంజూరు పత్రంలో ఏ రేటుకు ముడిపెట్టారో, దానిపై ఎంత అదనం వేశారో, ఎన్ని నెలలకోసారి సవరిస్తారో రాతపూర్వకంగా ఉందో లేదో చూసుకోండి. రెపో రెండు శాతం పెరిగినా మీ అట్టపెట్టెల లాభంలోంచి వాయిదా కట్టగలరా అని లెక్క వేసి చూడండి. కట్టగలిగితే ఢిల్లీ లోటు కోసం మీరు ఆగనక్కరలేదు.