నవంబరు 17న మాల వేసుకుంటే నలభై ఒకటో రోజు ఎప్పుడు?

2025 నవంబరు మొదట్లో డాలస్ నుంచి ఒక కుర్రాడు నాకు ఫోను చేశాడు. అమెరికా వచ్చి ఏడాది కూడా కాలేదు. అయ్యప్ప మాల వేసుకోవడం మొదటిసారి, అంటే కన్నె స్వామి. "బాబాయిగారూ, 17వ తేదీ సోమవారం మాల వేసుకుంటాను. నలభై ఒక రోజులు డిసెంబరు 27కి పూర్తవుతాయని నాన్న అంటున్నారు. నా ఫోను 28 అని చూపిస్తోంది. ఎవరి మాట నమ్మాలి? ఇంకొకటి, ఇక్కడ వారం వారం పూజల్లో ఎన్నో రోజు స్వామీ అని అడుగుతుంటారట. ఆ లెక్క కూడా చెప్పండి" అన్నాడు.

నాన్నగారి మాటే సరైనది. ఫోను కూడా అబద్ధం చెప్పలేదు. కుర్రాడు దాన్ని అడిగిన ప్రశ్న వేరు. నవంబరు 17కి 41 రోజులు కలపమన్నాడు, అది కలిపి 28 ఇచ్చింది. మన దీక్ష లెక్కలో మాల వేసుకున్న రోజే ఒకటో రోజు. కాబట్టి కలపవలసింది 40 మాత్రమే. నవంబరులో 17 నుంచి 30 దాకా వేళ్ల మీద లెక్కపెట్టండి, 14 రోజులు వస్తాయి. మిగిలిన 27 డిసెంబరులో పూర్తి కావాలి. అందుకే డిసెంబరు 27.

ఆ తేదీకి ఇంకో విశేషం ఉంది. మలయాళ పంచాంగం ప్రకారం 2025లో వృశ్చిక మాసం నవంబరు 17న మొదలైంది. శబరిమలలో మండల కాలం అప్పుడే మొదలై, నలభై ఒకటో రోజున మండల పూజతో ముగుస్తుంది. ఆ పూజ డిసెంబరు 27నే జరిగింది. అంటే ఈ కుర్రాడి దీక్ష, గుడి మండలం ఒకే రోజు మొదలై ఒకే రోజు ముగిశాయి. అది ఎంత చిక్కు తెచ్చిందో తర్వాత చెబుతాను.

ముందు వారాల సంగతి. మాల ఏ వారం వేసుకుంటే ఆ వారం వచ్చినప్పుడల్లా మీ రోజులు 1, 8, 15, 22, 29, 36 అవుతాయి. ఇతనిది సోమవారం కాబట్టి నవంబరు 24 ఎనిమిదో రోజు, డిసెంబరు 1 పదిహేనో రోజు, 8వ తేదీ ఇరవై రెండు, 15వ తేదీ ఇరవై తొమ్మిది, 22వ తేదీ ముప్పై ఆరు. అయితే అమెరికాలో సోమవారం పూజకు ఎవరు పిలుస్తారు? పడిపూజలైనా, భిక్షలైనా సాధారణంగా శని, ఆదివారాల్లోనే. సోమవారం మొదలుపెట్టినవాళ్లకు ఆదివారాలు ఏడో ఎక్కంలో నడుస్తాయి: నవంబరు 23 ఏడు, 30 పద్నాలుగు, డిసెంబరు 7 ఇరవై ఒకటి, 14 ఇరవై ఎనిమిది, 21 ముప్పై ఐదు. శనివారానికి అందులోంచి ఒకటి తగ్గించి 6, 13, 20, 27, 34 అని చెప్పుకోవాలి. ఆపైన వచ్చే శనివారమే 41. ఏ వారం మొదలుపెట్టినా ఇంతే, నలభై ఒకటో రోజు మొదటి రోజు వారానికి ఐదు రోజుల తర్వాత వచ్చే వారంలో పడుతుంది. సోమవారానికి శనివారం, బుధవారానికి సోమవారం, శనివారానికి గురువారం. తేదీ లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి నేను వాడే పరీక్ష ఇదే. సోమవారం మాల వేసుకుని ఆదివారానికి 41 అని ఎవరైనా అంటే ఎక్కడో ఒక రోజు ఎక్కువ లెక్కపెట్టారన్నమాట.

మధ్యలో ఎవరైనా అడిగితే వేళ్లు మడవక్కర్లేదు. 17న మొదలుపెట్టినవాళ్లు నవంబరులో తేదీ నుంచి 16 తీసేయాలి, డిసెంబరులో తేదీకి 14 కలపాలి. డిసెంబరు 10 అంటే ఇరవై నాలుగో రోజు. ముగింపు తేదీకి ఇంకా చిన్న సూత్రం ఉంది. నవంబరుకు 30 రోజులు కాబట్టి నవంబరులో మొదలైన తేదీకి 10 కలిపితే డిసెంబరులో ముగిసే తేదీ వస్తుంది. 31 దాటితే ఆ పైది జనవరిలోకి వెళుతుంది. 22న మొదలుపెడితే 32, అంటే జనవరి 1. అక్టోబరు, డిసెంబరు నెలలకు 31 రోజులు కాబట్టి అప్పుడు 9 కలపాలి. జనవరి 14న మకరజ్యోతి నాటికి నలభై ఒకటి పూర్తి కావాలంటే డిసెంబరు 5 కల్లా మాల మెడలో ఉండాలి. ఆ రోజు దాటి వేసుకుంటే జ్యోతి నాటికి మండలం నిండదు.

కంప్యూటర్‌లో పెట్టుకునేవాళ్లు మొదలైన తేదీని A2 గడిలో రాసి, ఈ రెండూ వేరే గడుల్లో పెట్టుకోండి. మొదటిది ముగింపు తేదీ ఇస్తుంది, రెండోది ఇవాళ ఎన్నో రోజో చెబుతుంది.

```
=A2+40
=TODAY()-A2+1
```

రెండో దాంట్లో చివరి +1 మరిచిపోతే మాల వేసుకున్న రోజున సున్నా అని చూపిస్తుంది. తేదీని 2025-11-17 అని సంవత్సరం ముందు పెట్టి రాయండి. ఇక్కడివాళ్లు 11/12 అంటే నవంబరు 12, మనవాళ్లు అదే రాస్తే డిసెంబరు 11. ఇంటికి పంపే సందేశాల్లో అయితే నెల పేరు అక్షరాలలో రాయడమే మంచిది.

ఇంటితో మాట్లాడేటప్పుడు ఇంకో తేడా వస్తుంది. చలికాలంలో డాలస్ మనకంటే పదకొండున్నర గంటలు వెనక. 17వ తేదీ ఉదయం ఆరింటికి నాన్నగారు ఫోను చేసి "ఇవాళే వేసుకో నాన్నా" అంటే, ఇక్కడ అది 16వ తేదీ ఆదివారం సాయంత్రం ఆరున్నర. ఆయన లెక్క 17 నుంచి, మీది 16 నుంచి అయితే చివరి దాకా ఇద్దరికీ ఒక రోజు తేడా ఉంటుంది. దీక్ష చేసే మనిషి ఎక్కడుంటే అక్కడి సూర్యోదయమే లెక్క. తెల్లవారుజామున స్నానం చేసి మాల వేసుకుంటే ఆ రోజు ఒకటి. ఆఫీసు నుంచి వచ్చి రాత్రి వేసుకుంటే, మరుసటి ఉదయం నుంచి లెక్కపెట్టుకోమంటాను నేను. నా మొదటి ఏడాది రాత్రి ఎనిమిదింటికి వేసుకుని ఆ రోజునే ఒకటిగా లెక్కపెట్టాను. ఇరుముడి కట్టే వేళ గురుస్వామి నవ్వి, "ఆ రోజు ఎన్ని పూటలు శరణు పలికావు స్వామీ?" అని అడిగారు. ఇంకో రోజు ఆగి బయలుదేరాం.

ప్రయాణంలో లెక్క. కుర్రాడు డిసెంబరు 24 రాత్రి డాలస్‌లో విమానమెక్కి 26 తెల్లవారుజామున హైదరాబాదులో దిగాడు. 25వ తేదీ దారిలోనే గడిచిపోయింది. అయినా అది ముప్పై తొమ్మిదో రోజే. తూర్పు దిక్కుగా, ఐరోపా మీదుగానో గల్ఫ్ మీదుగానో వచ్చేవాళ్లు క్యాలెండరును నమ్మవచ్చు, పగలూ రాత్రీ పొట్టివైనా సూర్యోదయాల లెక్క తప్పదు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సింగపూర్ మీదుగా పడమరగా వచ్చేవాళ్లకే మెలిక. పసిఫిక్ మధ్యలో అంతర్జాతీయ దినరేఖ దాటగానే క్యాలెండరులో ఒక తేదీ ఎగిరిపోతుంది. కాగితం మీద 41 వచ్చినా, వాళ్లు దాటిన సూర్యోదయాలు 40. అలా వచ్చే స్వాములు ఒక రోజు అదనంగా ఉంచుకుంటే ఏ వాదనా ఉండదు. దారిలో భోజనం గురించి ఒక మాట: టికెట్టు కొనేటప్పుడు హిందూ భోజనం అని HNML ఎంచుకోకండి, అందులో మాంసం ఉండవచ్చు. మనకు కావలసింది AVML, అదే శాకాహారం.

ఇక ముందు చెప్పిన చిక్కు. నలభై ఒకటి ముగిసిన మరునాడు, అంటే 28న దర్శనం చేసుకుంటానని కుర్రాడు మొదట అనుకున్నాడు. మండల పూజ అయ్యాక 27 రాత్రి గుడి మూసేస్తారు. మళ్లీ మకరవిళక్కు కోసం తెరిచేది 30 సాయంత్రం. 28, 29 తేదీల్లో కొండకు వెళితే తలుపులు మూసి ఉంటాయి. పోనీ 27నే వెళదామంటే అది ఏడాదిలోకెల్లా రద్దీ రోజుల్లో ఒకటి, పైగా 26 ఉదయం దిగిన మనిషి ఇరుముడి కట్టించుకుని ఒక్క రోజులో పంబ చేరాలి. వద్దన్నాను. నలభై ఒకటి అనేది కనీసం నిండవలసిన లెక్క, ఆ రోజు మాల తీసేయాలనే నియమం కాదు. కొండకు వెళ్లే స్వామికి దర్శనం అయ్యేదాకా మాల మెడలోనే ఉంటుంది, నియమాలూ ఉంటాయి. అతను వర్చువల్ క్యూలో 31వ తేదీ తీసుకున్నాడు. డిసెంబరు లెక్కన 31కి 14 కలిపితే నలభై ఐదో రోజు.

హనుమాన్ మాల వేసుకునేవాళ్లూ నన్ను ఇదే అడుగుతారు. అక్కడ లెక్క తేదీలతో కాదు, తిథులతో. చైత్ర పౌర్ణమి నుంచి వైశాఖ బహుళ దశమి దాకా సరిగ్గా నలభై ఒక తిథులు. తిథి రోజు కంటే కాస్త పొట్టిది కాబట్టి క్యాలెండరులో ఒక్కో ఏడాది ఒక్కో సంఖ్య వస్తుంది. 2025లో ఏప్రిల్ 12 నుంచి మే 22 దాకా 41 రోజులు వచ్చాయి. 2024లో ఏప్రిల్ 23 నుంచి జూన్ 1 దాకా 40 రోజులే వచ్చాయి. వాళ్లు నా 10 కలిపే సూత్రం వాడకుండా ఆ ఏటి పంచాంగం చూసుకోవాలి.

2026లో నవంబరు 17 మంగళవారం. ఆ రోజు మాల వేసుకుంటే ముగింపు అదే డిసెంబరు 27, వారం మాత్రం ఆదివారం. 1, 8, 15 అన్నీ మంగళవారాల్లో పడతాయి, శనివారాలు 5, 12, 19, 26, 33, 40 అవుతాయి. డాలస్ కుర్రాడు ఈసారి తనతో గదిలో ఉండే ఇద్దరికి కూడా మాల వేయిస్తాడట. కిందటేడు ఫ్రిజ్ మీద అంటించుకున్న కాగితాన్నే వాళ్లకు ఇస్తానన్నాడు. దాని మీద వారాలు పాతవి, కొత్తగా రాసి ఇవ్వమని చెప్పాను.